జెనరేటివ్ ఫిల్‌తో వస్తువు మార్చినప్పుడు చుట్టూ హాలో రాకుండా సెలెక్షన్‌ను పెంచడం, ఫెదర్ చేయడం ఎలా

విశాఖపట్నంలో ప్రీ వెడ్డింగ్ ఫొటోలు తీసేవారు, స్టూడియోల్లో ఆల్బమ్ డిజైన్ చేసేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఫొటోషాప్‌లో ఒక వస్తువును సెలెక్ట్ చేసి జెనరేటివ్ ఫిల్‌తో దాని స్థానంలో మరొకటి పెడితే, కొత్త వస్తువు చక్కగానే వస్తోంది కానీ, దాని చుట్టూ పాత వస్తువు ఆకారంలో ఒక సన్నని వెలుగు గీతో, రంగు మరకో మిగిలిపోతోంది. దీన్నే హాలో అంటారు. సెలెక్షన్ అంచును మెత్తబరిచే ఫెదర్ పెంచితే పోతుందేమోనని పెంచి చూస్తే ఆ మరక పోకపోగా ఇంకా వెడల్పవుతోంది. దీనికి కారణం ఫెదర్ విలువ ఒక్కటే కాదు. ఫెదర్ చేయడానికి ముందు సెలెక్షన్‌ను వస్తువు అంచు దాటి ఎంత బయటికి పెంచారన్నదే అసలు విషయం. ఈ రెండు విలువలకూ మధ్య ఉన్న లెక్కను, దాన్ని అమలు చేసే క్రమాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం.

ఉదాహరణగా రుషికొండ బీచ్‌లో సూర్యోదయ వేళ ఫోన్‌తో తీసిన ఒక ఫొటోను తీసుకుందాం. దాని కొలత 4000 × 3000 పిక్సెళ్లు. ముందు వధూవరులు నిలబడి ఉన్నారు. వారికి కుడి వైపున తడి ఇసుక మీద ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. ఫొటోలో అది సుమారు 300 పిక్సెళ్ల వెడల్పు, 420 పిక్సెళ్ల ఎత్తు ఉంది. దాని స్థానంలో అంతే ఎత్తున్న మట్టి బాన కావాలి. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి ఉదయం సముద్రం వైపు తిరిగి తీసిన ప్రతి ఫొటోలోనూ వెలుగు వెనుక నుంచి వస్తుంది. అందువల్ల డ్రమ్ము అంచు చుట్టూ సూర్యకాంతి ఒక ప్రకాశవంతమైన గీతగా కనిపిస్తుంది. దానికి తోడు, ఫోన్ కెమెరా తనంతట తానే చేసే షార్పెనింగ్ ఆ గీత పక్కన మరికొన్ని పిక్సెళ్ల తెల్లని అంచును చేరుస్తుంది. ఈ రెండూ డ్రమ్ముకు చెందినవే అయినా, ఫొటోషాప్ చేసే సెలెక్షన్ చాలా వరకు వాటిని బయటే వదిలేస్తుంది. బీచ్ ఫొటోల్లో హాలో బెడద ఎక్కువగా ఉండటానికి ఇదే ప్రధాన కారణం.

కావలసినవి

- జెనరేటివ్ ఫిల్ ఉన్న ఫొటోషాప్. ఈ సౌకర్యం 2023 మే నెలలో బీటాగా వచ్చి, అదే ఏడాది సెప్టెంబరులో అందరికీ అందుబాటులోకి వచ్చింది.
- ఇంటర్నెట్. చిత్రం తయారయ్యేది మీ కంప్యూటర్‌లో కాదు, అడోబీ సర్వర్లలో. ప్రతి ప్రయత్నానికీ జెనరేటివ్ క్రెడిట్లు ఖర్చవుతాయి కాబట్టి, బటన్ నొక్కడానికి ముందే సెలెక్షన్ సరిగా ఉందో లేదో చూసుకోవడం లాభం.
- ఫొటో అసలు ఫైలు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చిన కాపీలో కంప్రెషన్ వల్ల వస్తువు అంచుల చుట్టూ గళ్లుగళ్లుగా మరకలు పడి ఉంటాయి. అవి కూడా హాలోగా తేలతాయి. అందుకని ఫొటో తీసినవారిని డాక్యుమెంట్ రూపంలో పంపమని అడగండి.

ముందుగా తెలుసుకోవలసిన ఒకే ఒక్క లెక్క

ఫెదర్ సెలెక్షన్ గీతకు బయటి వైపు మాత్రమే పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గీతకు రెండు వైపులా సమానంగా పరుచుకుంటుంది. గీత మీద ఉన్న పిక్సెల్ సగమే సెలెక్ట్ అవుతుంది. గీత నుంచి లోపలికి ఫెదర్ విలువ అంత దూరం వెళ్తే సుమారు 84 శాతం, దానికి రెట్టింపు దూరం వెళ్తే సుమారు 98 శాతం, రెండున్నర రెట్లు వెళ్తే 99 శాతం పైగా సెలెక్ట్ అవుతుంది. పూర్తిగా సెలెక్ట్ కాని చోట కొత్త చిత్రం పలుచగా పడి, దాని కింద నుంచి పాత చిత్రం కనిపిస్తుంది. సెలెక్షన్ గీత సరిగ్గా డ్రమ్ము అంచు మీద ఉండగా ఫెదర్ చేస్తే, డ్రమ్ము అంచులో సగం అక్కడే మిగిలిపోతుందని దీని అర్థం. ఫెదర్ పెంచినకొద్దీ మరక ఎందుకు వెడల్పవుతుందో ఇప్పుడు స్పష్టమవుతుంది.

కాబట్టి డ్రమ్ము, దాని వెలుగు అంచు మొత్తం 99 శాతం పైగా సెలెక్ట్ అయ్యే చోట ఉండేలా గీతను బయటికి జరపాలి. లెక్క ఇది:

```
Expand = వెలుగు అంచు వెడల్పు + (2.5 × Feather)
```

మన ఫొటోలో వెలుగు అంచు 6 పిక్సెళ్లు, ఫెదర్ 4 అనుకుంటే, 6 + 10 = 16 పిక్సెళ్లు పెంచాలి.

చేయవలసిన క్రమం

1. వెలుగు అంచును కొలవండి. ఫొటోను 600 శాతానికి జూమ్ చేసి డ్రమ్ము కుడి అంచు, ఎడమ అంచు, పై అంచు చూడండి. డ్రమ్ము నీలం రంగు ముగిసిన చోటి నుంచి, ఇసుక లేదా నీటి సహజమైన రంగు మొదలయ్యే చోటి వరకు ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో లెక్కపెట్టండి. మూడు చోట్ల మూడు సంఖ్యలు వస్తే అన్నింటికంటే పెద్దదాన్ని తీసుకోండి. చాలామంది ఈ పనిని వదిలేసి, ఎక్కడో చదివిన విలువను ప్రతి ఫొటోకూ వాడతారు. మబ్బు పట్టిన రోజు తీసిన ఫొటోలో 2 పిక్సెళ్లు ఉండే అంచు, ఎదురెండలో తీసిన దానిలో 8 కావచ్చు. అందుకని ప్రతి ఫొటోకూ కొలవక తప్పదు.

2. వస్తువును సెలెక్ట్ చేయండి. `Object Selection Tool` తీసుకుని డ్రమ్ము చుట్టూ పెట్టె గీయండి. అది ఏదైనా భాగం వదిలేస్తే `Lasso Tool` తో, Shift కీ నొక్కి ఉంచి, ఆ భాగాన్ని కలపండి. ఇక్కడ ఒక హెచ్చరిక: లాసో టూల్ తీసుకున్నప్పుడు పైన ఆప్షన్స్ బార్‌లో `Feather` అనే గడి ఉంటుంది. ఎప్పుడో పెట్టిన విలువ అందులో అలాగే నిలిచి ఉంటుంది. అది తప్పనిసరిగా 0 ఉండాలి. లేకపోతే మీకు తెలియకుండానే రెండుసార్లు ఫెదర్ అవుతుంది, పై లెక్క తప్పుతుంది.

3. సెలెక్షన్‌ను భద్రపరచండి. `Select > Save Selection` లోకి వెళ్లి `drum` అని పేరు పెట్టండి. విలువలు మార్చి మళ్లీ ప్రయత్నించవలసి వస్తే మొదటి నుంచి సెలెక్ట్ చేసే పని తప్పుతుంది. ఒకసారి ఫెదర్ చేసిన సెలెక్షన్ మీద మళ్లీ ఫెదర్ చేయకూడదు; ఎప్పుడూ ఈ అసలు సెలెక్షన్ నుంచే మొదలుపెట్టాలి.

4. ముందు పెంచండి, తరువాత ఫెదర్ చేయండి. `Select > Modify > Expand` లో 16 ఇవ్వండి. ఆ తరువాత `Select > Modify > Feather` లో 4 ఇవ్వండి. దీనికి Shift+F6 షార్ట్‌కట్ కూడా ఉంది. ఈ క్రమాన్ని తలకిందులు చేయకండి. డ్రమ్ము ఫొటో అంచుకు తగిలి ఉంటే, ఆ రెండు డైలాగుల్లోనూ కనిపించే `Apply effect at canvas bounds` ముందు టిక్ ఉండకూడదు. టిక్ ఉంటే ఫొటో చివర్లో కూడా సెలెక్షన్ పలుచబడి, అక్కడ నీలం చార మిగులుతుంది.

5. నీడను, తడి ఇసుకలోని ప్రతిబింబాన్ని విడిగా తీసుకోండి. ఎదురెండ ఫొటోలో నీడ కెమెరా వైపు పడుతుంది. తడి ఇసుక మీద నీలం ప్రతిబింబం కూడా అటే వస్తుంది. వీటిని వదిలేస్తే, బాన ఎంత బాగా వచ్చినా కింద డ్రమ్ము నీడ అలాగే ఉంటుంది. చాలా సందర్భాల్లో హాలో అని చూపించేది నిజానికి ఈ మిగిలిపోయిన ప్రతిబింబమే. నీడకు స్పష్టమైన అంచు ఉండదు కాబట్టి, డ్రమ్ముకు ఇచ్చిన ఫెదర్ దీనికి చాలదు. ముందుగా 4వ అంచెలో తయారైన సెలెక్షన్‌ను `final` అనే పేరుతో సేవ్ చేయండి. తరువాత సెలెక్షన్ తీసేసి, లాసోతో నీడ, ప్రతిబింబాల చివర వరకు గీయండి. దాన్ని 35 నుంచి 40 పిక్సెళ్లు పెంచి, 15 ఫెదర్ చేయండి. ఇప్పుడు `Save Selection` లో `Channel` దగ్గర `final` ఎంచుకుని, `Add to Channel` నొక్కండి.

   నీడ సెలెక్షన్ డ్రమ్ము అడుగు భాగం మీదకు బాగా ఎక్కి ఉండాలి. కనీసం 60 పిక్సెళ్లు ఎక్కేలా గీయండి. అలా లేకపోతే రెండు సెలెక్షన్లు కలిసే చోట బూడిద రంగు గీత ఏర్పడి, బాన అడుగున నీలం చార తేలుతుంది. `Channels` ప్యానెల్‌లో `final` మీద క్లిక్ చేస్తే నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. లోపలంతా అచ్చంగా తెల్లగా ఉండి, బయటి అంచులో మాత్రమే బూడిద రంగు ఉండాలి. చూసిన తరువాత అదే ప్యానెల్‌లో `RGB` మీద క్లిక్ చేసి ఫొటోకు తిరిగి రండి.

6. మనుషులకు తగిలే చోటును తీసివేయండి. మన ఫొటోలో పెళ్లికూతురి చీర కొంగు డ్రమ్ము ఎడమ అంచుకు ముందు ఉంది. 16 పిక్సెళ్లు పెంచినప్పుడు సెలెక్షన్ ఆ కొంగు మీదకు వెళ్తుంది, జెనరేటివ్ ఫిల్ కొంగును కూడా మార్చేస్తుంది. అందుకని కొంగును విడిగా సెలెక్ట్ చేసి, 0.5 మాత్రమే ఫెదర్ చేసి, `saree` పేరుతో సేవ్ చేయండి. తరువాత `Select > Load Selection` లో `final` తెచ్చుకోండి. మళ్లీ అదే మెనూలో `saree` ఎంచుకుని `Subtract from Selection` నొక్కండి. ఈ తీసివేత ఎప్పుడూ ఆఖరునే జరగాలి. ముందే తీసివేసి తరువాత ఫెదర్ చేస్తే, ఆ ఫెదర్ కొంగు మీదకు కూడా పాకుతుంది.

7. క్విక్ మాస్క్‌లో చూడండి. Q నొక్కండి. సెలెక్ట్ కాని భాగమంతా ఎర్రని పూతతో కనిపిస్తుంది. డ్రమ్ము మీద, దాని వెలుగు అంచు మీద ఎర్రదనం ఏ మాత్రం ఉండకూడదు. వెలుగు అంచు దాటిన తరువాతే పూత మొదలై క్రమంగా చిక్కబడాలి. డ్రమ్ము అంచు ఊదా రంగులో కనిపిస్తే సెలెక్షన్ చాలలేదని గుర్తు. అప్పుడు 3వ అంచెలో భద్రపరచిన `drum` సెలెక్షన్ నుంచి మళ్లీ మొదలుపెట్టి, 4వ అంచెలో 4 పిక్సెళ్లు ఎక్కువ పెంచండి. మీ ఫొటోలో వస్తువే ఎర్రగా ఉంటే, టూల్‌బార్‌లో క్విక్ మాస్క్ గుర్తు మీద రెండుసార్లు క్లిక్ చేసి పూత రంగును ఆకుపచ్చగా మార్చుకోండి. చూసిన తరువాత మళ్లీ Q నొక్కి బయటికి రండి. కదిలే చుక్కల గీతను చూసి నిర్ణయానికి రాకండి. అది సగం సెలెక్ట్ అయిన చోటును మాత్రమే చూపిస్తుంది, దాని అవతల పలుచగా సెలెక్ట్ అయిన భాగాన్ని చూపించదు.

8. ఫిల్ చేయండి. ఫొటో మీద తేలే చిన్న బార్‌లో `Generative Fill` నొక్కి, కావలసిన వస్తువును, అది ఎక్కడ ఉందో, వెలుగు ఎటు నుంచి వస్తోందో రాసి, `Generate` నొక్కండి. ఉదాహరణకు:

```
large terracotta water jar on wet sand, backlit by low sun
```

   వెలుగు గురించి రాయకపోతే బాన ముందు నుంచి వెలుగు పడినట్టు వచ్చే అవకాశం ఉంది. అప్పుడు అంచులు ఎంత బాగా కలిసినా అది అతికించినట్టే ఉంటుంది. సాధారణంగా మూడు నమూనాలు వస్తాయి. వాటిలో బాన అందాన్ని కాకుండా, చుట్టూ ఉన్న ఇసుక గీతలు, నురుగు రేఖ పాత వాటితో కలిసినదాన్ని ఎంచుకోండి.

కొత్త వస్తువు చిన్నదైతే

డ్రమ్ము స్థానంలో బాన కాకుండా, చేపలు మోసే వెదురు గంప లాంటి పొట్టి వస్తువు కావాలంటే ఒకేసారి చేయడం మంచిది కాదు. జెనరేటివ్ ఫిల్ సెలెక్షన్ ఆకారాన్ని నింపడానికి ప్రయత్నిస్తుంది కాబట్టి, గంప కూడా డ్రమ్ములా నిలువుగా సాగుతుంది. ముందుగా పైన చెప్పిన సెలెక్షన్‌తోనే, ఏమీ రాయకుండా `Generate` నొక్కి డ్రమ్మును తొలగించండి; అక్కడ ఇసుక, అల మాత్రమే మిగలాలి. అది శుభ్రంగా వచ్చిందని తేల్చుకున్న తరువాత, గంపకు సరిపడే చోట లాసోతో వదులుగా ఒక ఆకారం గీసి, 4 ఫెదర్ చేసి, రెండోసారి ఫిల్ చేయండి. ఈ రెండోసారి కప్పవలసిన పాత వస్తువేదీ లేదు కాబట్టి పై లెక్క అవసరం లేదు. నా దృష్టిలో, ఆకారం ఎక్కువగా మారే ప్రతి సందర్భంలోనూ ఈ రెండంచెల పద్ధతే నమ్మదగినది. ఒక క్రెడిట్ ఎక్కువ ఖర్చయినా, సరిదిద్దే సమయం అంతకంటే ఎక్కువ మిగులుతుంది.

ఫెదర్ విలువ ఎంత ఉండాలి

4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో, ఇసుక లేదా గడ్డి నేపథ్యం మీద 3 నుంచి 5 వరకు ఫెదర్ చాలు. 2000 పిక్సెళ్ల ఫొటోకు దానిలో సగం, 6000 పిక్సెళ్ల ఫొటోకు ఒకటిన్నర రెట్లు తీసుకోండి. నేపథ్యంలో పదునైన గీతలు ఉంటే ఇంకా తగ్గించాలి. సముద్రం, ఆకాశం కలిసే రేఖ గానీ, బీచ్ రోడ్డు రెయిలింగ్ గానీ సెలెక్షన్‌ను దాటుతూ వెళ్తే ఫెదర్ 2 కంటే మించకూడదు. ఎందుకంటే ఫెదర్ ఉన్న మేరకు పాత రేఖ, కొత్త రేఖ రెండూ పలుచగా ఒకదానిపై ఒకటి పడతాయి. అవి ఒక్క పిక్సెల్ తేడాతో ఉన్నా రేఖ రెండుగా చీలినట్టు కనిపిస్తుంది. మేఘాలు లేని ఆకాశం మీదైతే, దీనికి భిన్నంగా, 10 వరకు ఇవ్వవచ్చు. అక్కడ గీతలు లేవు, రంగు మెల్లగా మారడమే కావాలి.

ఫెదర్‌ను 30, 40 చేస్తే మరక పోతుందని కొందరు అంటారు. పోయినట్టు కనిపించడం నిజమే కానీ, దాని స్థానంలో మరో లోపం వస్తుంది. రెండు వేర్వేరు ఇసుక చిత్రాలు సగం సగంగా కలిసిన చోట ఇసుక రేణువులు మసకబారి, వస్తువు చుట్టూ నునుపైన వలయం ఏర్పడుతుంది. మొబైల్ తెర మీద అది తెలియదు, ఆల్బమ్ షీటుగా ప్రింటు వేశాక స్పష్టంగా తెలుస్తుంది.

ఫలితాన్ని పరీక్షించడం

బొమ్మను దగ్గరగా చూస్తే హాలో దొరుకుతుందనుకోవడం సహజం. అయితే వెడల్పుగా, పలుచగా ఉన్న హాలో 25 శాతం జూమ్‌లోనే బాగా బయటపడుతుంది. సన్నని గీత లాంటిది 100 శాతంలో బయటపడుతుంది. రెండు స్థాయిల్లోనూ చూడండి. ఆ తరువాత కింది రెండు పరీక్షలు చేయండి. వీటికి నిమిషం కంటే ఎక్కువ పట్టదు, కంటికి తప్పిపోయిన లోపం వీటిలో తప్పించుకోదు.

మొదటిది రంగు పరీక్ష. అన్నింటికంటే పైన ఒక `Hue/Saturation` అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి, `Saturation` ను +80 చేయండి. డ్రమ్ము నుంచి మిగిలిన నీలం ఎక్కడైనా ఉంటే బాన చుట్టూ నీలి వలయంగా వెలుగుతుంది. ప్రత్యేకించి బాన అడుగున, తడి ఇసుకలో చూడండి. అయితే తడి ఇసుకలో ఆకాశపు నీలం కూడా సహజంగా ఉంటుంది. ఆ నీలం డ్రమ్ము ఆకారాన్ని అనుసరిస్తోందా, లేక ఇసుక అంతటా ఉందా అన్నది చూసి తేల్చాలి.

రెండోది వెలుగు పరీక్ష. ఆ లేయర్‌ను ఆపేసి, `Curves` అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టండి. గీతను పైకి, కిందికి, మళ్లీ పైకి, కిందికి వెళ్లే అలలా వంచండి. ఫొటో రంగులన్నీ వింతగా మారిపోతాయి, దానికి కంగారు పడకండి. వెలుగులో అతి చిన్న తేడా ఉన్న చోటు కూడా ఇప్పుడు స్పష్టమైన హద్దుగా కనిపిస్తుంది. సెలెక్షన్ ఆకారంలో హద్దు కనిపిస్తే కలయిక సరిగా లేదన్నమాట. పరీక్ష పూర్తయ్యాక రెండు లేయర్లనూ తొలగించండి. లేయర్ పొరపాటున ఉండిపోయిన ఫైలు ల్యాబుకు వెళ్లకూడదు.

హాలో వచ్చేసిన తరువాత సరిదిద్దడం

అన్నీ తొలగించి మొదటి నుంచి చేయనవసరం లేదు. ముందుగా మరక ఎలాంటిదో తేల్చుకోండి.

మరక పాత వస్తువు రంగులో ఉంటే, అది మాస్క్ పలుచగా ఉండటం వల్ల వచ్చినది. జెనరేటివ్ లేయర్ పక్కన కనిపించే మాస్క్ మీద ఒకసారి క్లిక్ చేసి, Ctrl+L నొక్కి `Levels` తెరవండి. `Input Levels` లో కుడి చివర ఉన్న తెల్లని స్లైడర్‌ను 255 నుంచి 150 వరకు మెల్లగా ఎడమకు జరపండి. మాస్క్‌లోని లేత బూడిద రంగు తెలుపుగా మారి, కొత్త చిత్రం అంచు బయటికి కాస్త జరుగుతుంది. చాలా సన్నని హాలోలు దీనితోనే పోతాయి. అంతకంటే ఎక్కువ జరిపితే ఫెదర్ మెత్తదనం పోయి కోసినట్టు అంచు వస్తుంది, అందుకని అక్కడ ఆగండి.

అప్పటికీ పోకపోతే వలయాన్ని మాత్రమే మళ్లీ నింపాలి. Ctrl నొక్కి ఉంచి మాస్క్ మీద క్లిక్ చేస్తే పాత సెలెక్షన్ వస్తుంది. `Select > Modify > Border` లో 24 ఇవ్వండి. బోర్డర్ సెలెక్షన్ అంచులు సహజంగానే మెత్తగా ఉంటాయి కాబట్టి దీనికి మళ్లీ ఫెదర్ చేయవద్దు. బాన మీదకు, కొంగు మీదకు వచ్చిన భాగాన్ని లాసోతో, Alt నొక్కి ఉంచి, తీసివేయండి. తరువాత ఏమీ రాయకుండా `Generate` నొక్కండి. ఇది కొత్త లేయర్‌గా పైన వస్తుంది, కింది లేయర్ చెడదు.

మరకలో రంగు తేడా లేకుండా, ఆ ప్రాంతం మాత్రమే నునుపుగా, మైనం పూసినట్టు ఉంటే, అది సెలెక్షన్ లోపం కాదు. తెల్లవారుజామున ఎక్కువ ఐఎస్‌ఓతో తీసిన ఫొటోలో గ్రెయిన్ ఉంటుంది. జెనరేటివ్ ఫిల్ తయారుచేసిన భాగంలో అది ఉండదు. ఫెదర్ విలువలు ఎన్నిసార్లు మార్చినా ఈ తేడా పోదు. జెనరేటివ్ లేయర్ పైన 50 శాతం బూడిద రంగుతో నింపిన ఒక లేయర్ పెట్టి, దాని బ్లెండ్ మోడ్‌ను `Overlay` చేసి, కింది లేయర్‌కు క్లిప్ చేయండి. తరువాత `Filter > Noise > Add Noise` లో `Gaussian`, `Monochromatic` ఎంచుకుని 1 నుంచి 3 శాతం మధ్య ఇవ్వండి. 100 శాతం జూమ్‌లో పక్కనున్న ఇసుకతో పోల్చి చూస్తూ విలువ నిర్ణయించండి.

సెలెక్షన్ బాగా పెద్దదైనప్పుడు వచ్చే మసక వేరు. ప్రతి మోడల్‌కూ అది తయారుచేయగల చిత్రం కొలతలో ఒక పరిమితి ఉంటుంది. 2023లో వచ్చిన మొదటి మోడల్‌లో అది 1024 పిక్సెళ్లు. సెలెక్షన్ ఆ పరిమితిని మించితే తయారైన చిత్రాన్ని సాగదీసి పెడుతుంది, అందుకే మెత్తబడుతుంది. మన డ్రమ్ము 420 పిక్సెళ్లే కనుక ఇబ్బంది లేదు. అయితే ఉదయపు పొడవైన నీడను కలుపుకుంటే సెలెక్షన్ అనుకున్నదానికంటే పెద్దదైపోవచ్చు. అటువంటప్పుడు డ్రమ్మును ముందు, నీడ చివరి భాగాన్ని తరువాత, రెండు విడతలుగా నింపండి. రెండో విడత సెలెక్షన్ మొదటిదాని మీదకు 80 పిక్సెళ్లు ఎక్కేలా చూసుకోండి.

కొంగు దగ్గర, జుట్టు దగ్గర

6వ అంచె తరువాత కూడా కొంగు అంచున ఒకటి రెండు పిక్సెళ్ల నీలం గీత మిగలవచ్చు. అక్కడ సెలెక్షన్ పెంచే వీలు లేదు కాబట్టి పై లెక్క పనిచేయదు. పైన ఖాళీ లేయర్ ఒకటి పెట్టి, బ్లెండ్ మోడ్‌ను `Color` చేసి, కొంగు లోపలి రంగును Alt క్లిక్‌తో తీసుకుని, 5 పిక్సెళ్ల మెత్తని బ్రష్‌తో ఆ గీత మీద అద్దండి. వెలుగు నీడలు అలాగే ఉండి, రంగు మాత్రమే మారుతుంది. కొంగు పట్టుదై జరీ అంచు ఉంటే, జరీ మీద రంగు వేయకుండా ఆగి, జరీ రంగును మళ్లీ విడిగా తీసుకోండి.

పాత వస్తువు ఎగురుతున్న జుట్టు వెనుకనో, పలుచని మేలిముసుగు వెనుకనో ఉంటే ఈ పద్ధతికి హద్దు వస్తుంది. బీచ్ గాలికి చెదిరిన వెంట్రుకల మధ్య నుంచి నీలం కనిపిస్తున్నప్పుడు, సెలెక్షన్ పెంచితే వెంట్రుకలు పోతాయి, పెంచకపోతే నీలం ఉంటుంది. ఎంత చక్కని మాస్క్ చేసినా వెంట్రుకల లోపల కలిసిపోయిన రంగు విడిపోదు. అక్కడ రెండే దారులున్నాయి: బయటికి చెదిరిన సన్నని పాయలను వదులుకుని, వాటిని కూడా సెలెక్షన్‌లో కలిపి నింపడం, తరువాత 1 పిక్సెల్ బ్రష్‌తో కొన్ని వెంట్రుకలను చేతితో గీయడం, లేదా అదే చోట తీసిన మరో ఫొటోలో జుట్టు డ్రమ్ముకు దూరంగా ఉంటే ఆ ఫొటోను వాడుకోవడం. షూట్ జరుగుతున్నప్పుడే ఈ ఇబ్బంది కనిపిస్తే, ఫొటో తీసేవారు రెండడుగులు పక్కకు జరిగి, జుట్టుకూ డ్రమ్ముకూ మధ్య కాస్త ఇసుక కనిపించేలా మరొకటి తీసి పెట్టుకోవాలి. ఎడిట్ చేసేవారికి ఆ ఎడం 30 పిక్సెళ్లు ఉన్నా చాలు.